టీకాల కార్డు లేదు, ఫిబ్రవరిలో పెళ్లి: ఏ సూది ముందు వేయించుకోవాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 26 ఏళ్లు. మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. అమ్మానాన్న బేల్దారి పనికి ఊళ్లు తిరిగేవాళ్లు, నేను అమ్మమ్మ దగ్గర పెరిగాను. నా చిన్నప్పటి టీకాల కార్డు లేదు. అక్టోబరులో ఒంగోలులో ఒక ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా చేరుతున్నాను. వాళ్లు టీకాల కాగితాలు అడిగారు. ఫిబ్రవరిలో పెళ్లి. చేతి మీద మచ్చ ఉంది కాబట్టి అన్నీ వేయించినట్టేనంటుంది అమ్మమ్మ. ఇప్పుడు అన్నీ మొదటినుంచీ వేయించుకోవాలా? అప్పట్లో వేసినవే మళ్లీ వేస్తే ఏమైనా అవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ఒకసారి వేసిన టీకా రెండోసారి వేస్తే ఏమీ కాదు. ముందు ఈ భయం తీసేసుకోండి. తట్టు టీకాలో ఉండేది బలం తగ్గించిన వైరస్. మీ ఒంట్లో ఆ రోగాన్ని అడ్డుకునే శక్తి అప్పటికే ఉంటే, లోపలికి వెళ్లిన వైరస్ పెరగకుండానే అణిగిపోతుంది. శక్తి లేకపోతే ఇప్పుడు వస్తుంది. హెపటైటిస్ బి లాంటి టీకాల్లో బతికున్న క్రిమే ఉండదు, కాబట్టి ఇంకో డోసు పడితే రక్షణ ఇంకాస్త గట్టిపడుతుంది, అంతే. కొంచెం చూసుకోవలసింది ధనుర్వాతం టీకా ఒక్కటే. దగ్గర దగ్గరగా చాలాసార్లు వేయించుకున్నవాళ్లకు చెయ్యి భుజం నుంచి మోచేతిదాకా వాచి రెండు మూడు రోజులు బాగా నొప్పి పెట్టొచ్చు. అది తగ్గిపోయే బాధే, ప్రాణానికి ముప్పు కాదు. అందుకే మా వైద్యంలో లెక్క ఒకటే: కాగితం మీద లేని టీకా వేయనట్టే. ఎవరి జ్ఞాపకాన్నీ తప్పు పట్టడానికి కాదు. వేయని దాన్ని వేసినట్టు అనుకుంటే నష్టం పెద్దది, వేసినదాన్ని మళ్లీ వేస్తే నష్టం దాదాపు లేదు.

ఆ కార్డు కోసం బాధపడుతున్నట్టున్నారు. మీ వయసును బట్టి చూస్తే కార్డు దొరికినా మీకు కావలసినవి చాలావరకు అందులో ఉండవు. మన దేశంలో పిల్లలందరికీ ఉచితంగా టీకాలు వేసే సార్వత్రిక కార్యక్రమం 1985లో మొదలైంది. మీరు పుట్టిన రోజుల్లో ఆ కార్డులో ఉండేవి పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, కంఠసర్పికీ కోరింత దగ్గుకీ ధనుర్వాతానికీ కలిపి వేసే డీపీటీ, తొమ్మిదో నెలలో తట్టు టీకా. హెపటైటిస్ బి టీకాను ప్రభుత్వం ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిందే 2002-03లో, అదీ కొన్ని చోట్లే. తట్టుకు రెండో డోసు 2010లో వచ్చింది. గర్భంలోని బిడ్డను దెబ్బతీసే రుబెల్లా జ్వరానికి టీకా మన రాష్ట్రంలో పిల్లలకు పెద్ద ఎత్తున వేసింది 2017లో, తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్లలోపు వాళ్లకు. మీరు అప్పటికే ఆ వయసు దాటేశారు. ఆటలమ్మకు వేసే టీకా ఇప్పటికీ ప్రభుత్వ పట్టికలో లేదు. అంటే ల్యాబు ఉద్యోగానికీ పెళ్లికీ ముఖ్యమైన హెపటైటిస్ బి, రుబెల్లా, ఆటలమ్మ మూడూ ఆ కార్డులో ఉండే వీలే లేదు. అమ్మమ్మ దాన్ని బీరువాలో జాగ్రత్తగా దాచి ఉన్నా మీకు ఇదే సలహా ఇచ్చేవాణ్ని.

ఇక చేతి మీద మచ్చ. ఎడమ భుజం మీద, శనగ గింజంత, కొంచెం గుంటపడి ఉంటే అది బీసీజీ మచ్చ. పుట్టిన కొత్తలో ఒక ఆరోగ్య కార్యకర్త మిమ్మల్ని ఎత్తుకుని ఒక సూది వేసిందని మాత్రమే అది చెబుతుంది. ఆరో వారంలో, పదో వారంలో, పద్నాలుగో వారంలో ఆమె మళ్లీ వచ్చిందో లేదో, వచ్చిన రోజు మీరు ఊళ్లో ఉన్నారో పనికి వెళ్లిన అమ్మతో ఉన్నారో మచ్చ చెప్పలేదు. అమ్మమ్మ చెయ్యి కూడా ఒకసారి చూడండి. ఆమెకు అంతకన్నా పెద్ద మచ్చ ఉండొచ్చు. అది మశూచి టీకా మచ్చ. ఆ రోగం ఈ దేశం నుంచి పోయిందని 1977లో ప్రకటించాక ఆ టీకా ఆపేశారు. ఆ తరం వాళ్లకు టీకా అంటే చేతి మీద మచ్చ వేసేదే, మచ్చ ఉంటే ఆ పని అయిపోయినట్టే. ఆమె మాట వెనక ఉన్న లెక్క అది. బీసీజీ విషయంలో మీరు ఇప్పుడు చేయవలసింది ఏమీ లేదు. పసిపిల్లల్లో మెదడుకు పాకే క్షయలాంటి తీవ్రమైన రూపాలను ఆపడానికి అది పుట్టగానే వేసే టీకా.

అమ్మమ్మను అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. "నాకు ఆటలమ్మ పోసిందా?" అని అడగండి. టీకాలు గుర్తుండకపోవచ్చు గానీ ఆటలమ్మ పోస్తే మన ఇళ్లలో ఎవరూ మరిచిపోరు. మంచం మీద వేపాకు పరవడం, ఇంట్లో తాలింపు మానేయడం, పొక్కులు మాడాక పసుపూ వేపాకూ వేసిన నీళ్లు పోయడం, ఇవన్నీ ఏళ్ల తరబడి చెప్పుకునే సంగతులు. నీటి బుడగల్లాంటి పొక్కులు, ముందు ఒంటి మీదా ముఖం మీదా లేచి, ఒకటి మాడుతుంటే ఇంకోటి పుడుతూ వారం పది రోజులు ఉన్నాయని ఆమె చెబితే నేను నమ్ముతాను. ఆ జ్ఞాపకం వైద్యంలో కూడా పనికొచ్చే సాక్ష్యమే. ఒకసారి పోసినవాళ్లకు ఆ టీకా అక్కర్లేదు. డోసు ఒక్కోటి వేలల్లో ఉండే టీకా అది, రెండు డోసుల ఖర్చు తప్పుతుంది. ఆమెకు సరిగ్గా గుర్తు లేకపోతే, రక్తంలో రక్షణ ఉందో లేదో చెప్పే ఆటలమ్మ ఐజీజీ పరీక్ష ఒకటి చేయించండి. పాజిటివ్ వస్తే ఇక వదిలేయొచ్చు.

తట్టు విషయంలో మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. జ్వరంతో ఒళ్లంతా ఎర్రగా పేలితే మన దగ్గర అన్నింటినీ తట్టు అనేస్తాం. అది తట్టో, రుబెల్లానో, ఇంకో వైరస్సో చూసి చెప్పడం డాక్టర్లకే కష్టం. "చిన్నప్పుడు తట్టు పోసింది" అన్న మాట మీద, తట్టుకూ గవదబిళ్లలకూ రుబెల్లాకూ కలిపి వేసే ఎంఎంఆర్ టీకా మానేయకండి. ఆ మూడు రోగాలకూ విడివిడిగా ఐజీజీ పరీక్షలు చేయించడం కూడా దండగే. పరీక్షల ఖర్చు టీకా ఖర్చును మించిపోతుంది, చివరికి ఏదో ఒకటి నెగటివ్ వస్తే వేయవలసింది అదే ఎంఎంఆర్. నేరుగా రెండు డోసులు వేయించుకోవడమే మంచిది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీకు ఏ టీకాలు కావాలన్నదానికన్నా ఏది ముందు అన్నదే ముఖ్యం. దాన్ని తేల్చేది ఉద్యోగం కాదు, పెళ్లి. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు రెండూ బతికున్న వైరస్‌తో చేసినవి కాబట్టి గర్భంతో ఉన్నప్పుడు వేయకూడదు. వేయించుకున్నాక కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోవాలి. టీకా పెట్టెలోని కాగితంలో అంతకన్నా ఎక్కువ గడువు రాసి ఉంటే అదే పాటించండి. పెళ్లయిన రెండు నెలలకే గర్భం వస్తే ఈ రెండు టీకాలకూ కాన్పు అయ్యేదాకా దారి మూసుకుపోతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే రుబెల్లా ప్రమాదం. ఆ జ్వరం తల్లికి రెండు మూడు రోజుల నలతలా వచ్చిపోతుంది, చాలామందికి వచ్చినట్టే తెలియదు. మొదటి పన్నెండు వారాల గర్భంలో వస్తే మాత్రం నూటికి తొంభైమంది దాకా బిడ్డలకు అది సోకి దెబ్బ తీస్తుంది. కంటిలో పువ్వు, చెవుడు, గుండెలో లోపం, ఒక్కోసారి ఈ మూడూ ఒకే బిడ్డకు. గర్భం వచ్చాక తల్లికి వైద్యం చేసి దాన్ని ఆపే మార్గం లేదు. ముందే వేయించుకున్న టీకా ఒక్కటే దిక్కు. హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాల సంగతి అలా కాదు. వాటిని గర్భంతో ఉన్నా కొనసాగించవచ్చు. అందుకే ముందు బతికున్న వైరస్ టీకాలు ముగించి, మిగతావి వాటి పక్కన నడిపించాలి.

మీ తేదీలతోనే లెక్క వేద్దాం. అక్టోబరు 6న మొదలుపెట్టారనుకోండి. ఆ రోజు ముందు రక్తం ఇవ్వండి, ఎందుకో తర్వాత చెబుతాను. తర్వాత అదే రోజు ఎంఎంఆర్ మొదటి డోసు, ఆటలమ్మ పోయకపోయి ఉంటే ఆ టీకా మొదటి డోసు, హెపటైటిస్ బి మొదటి డోసు, ధనుర్వాతం టీకా మొదటి డోసు. ఒకే రోజు నాలుగు సూదులంటే భయపడకండి. రెండు చేతులకూ రెండేసి, ఒకదానికొకటి కనీసం అంగుళం ఎడంగా వేస్తారు. వేశాక పదిహేను నిమిషాలు కూర్చుని లేవండి, కొందరికి కళ్లు తిరుగుతాయి. 28 రోజులకు నవంబరు 3 వస్తుంది. ఆ రోజు నాలుగింటికీ రెండో డోసు. దాంతో బతికున్న వైరస్ టీకాల పని అయిపోయినట్టే. డిసెంబరు మొదటి వారానికి నెల గడువు కూడా తీరిపోతుంది. మీ పెళ్లికి ఇంకా రెండు నెలలు చేతిలో ఉంటాయి. మీరు ఆలస్యం చేసి జనవరిలో మొదలుపెడితే రెండో డోసు పెళ్లి పనుల్లో పడుతుంది, నెల గడువు పెళ్లి తర్వాతికి జరుగుతుంది. నా భయమల్లా అదే. ఈ నెలలోనే మొదలుపెట్టగలిగితే ఇంకా మంచిది, ఈ తేదీలన్నీ అంతే ముందుకు జరుగుతాయి.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఒకే రోజు ఇన్ని ఎందుకులే అని ఇవాళ ఎంఎంఆర్ వేసి, పది రోజుల తర్వాత ఆటలమ్మ టీకాకు రమ్మంటారు. బతికున్న వైరస్ టీకాలు రెండూ ఒకే రోజు పడాలి, లేదా మధ్యలో 28 రోజులు ఉండాలి. పది రోజులకు వేస్తే మొదటి టీకాకు ఒళ్లు స్పందిస్తున్న వేడిలో రెండోది సరిగ్గా పట్టదు. ఆ డోసు లెక్కలోకి రాదు, మళ్లీ వేయాలి. ఆస్పత్రిలో చేర్చుకునేటప్పుడు క్షయకు మాంటూ పరీక్ష చేస్తే దానికీ ఇలాంటి ఇబ్బందే ఉంది. ఎంఎంఆర్ వేసిన కొన్ని వారాలపాటు ఆ పరీక్ష ఉన్నదాన్ని లేనట్టు చూపించొచ్చు. మాంటూ కూడా అక్టోబరు 6నే చేయించుకోండి, కుదరకపోతే ఎంఎంఆర్ తర్వాత కనీసం నాలుగు వారాలు ఆగండి.

రక్తం ముందు ఇవ్వమన్నది హెపటైటిస్ బి కోసం. టెక్నీషియన్ కాబట్టి పరీక్షల పేర్లు మీకు తెలిసినవే: హెచ్‌బీఎస్‌ఏజీ, యాంటీ హెచ్‌బీసీ, యాంటీ హెచ్‌బీఎస్. మొదటిది వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉందా అని చెబుతుంది, రెండోది ఎప్పుడైనా వచ్చిపోయిందా అని, మూడోది రక్షణ ఉందా అని. టీకాలో ఉండేది ఆ హెచ్‌బీఎస్‌ఏజీ ప్రొటీనే. అందుకని టీకా వేసిన రెండు మూడు వారాల్లోపు రక్తం తీస్తే అది కాసేపు కనిపించి, రోగం లేనివాళ్లకు పాజిటివ్ వచ్చే అవకాశం ఉంది. పెళ్లి కుదిరిన ఆడపిల్ల చేతికి అలాంటి రిపోర్టు వస్తే ఆ ఇంట్లో ఎన్ని రాత్రులు నిద్ర ఉండదో చూసినవాణ్ని. ముందు రక్తం, తర్వాత సూది. రిపోర్టు వచ్చేదాకా మొదటి డోసు ఆపవలసిన పని మాత్రం లేదు.

ఒకవేళ హెచ్‌బీఎస్‌ఏజీ నిజంగానే పాజిటివ్ వస్తే ఆ టీకా ఆపేసి, లివర్ డాక్టరును కలవాలి. చాలామందికి వెంటనే మందులే అక్కర్లేదు, ఆరు నెలలకోసారి పరీక్షలతో గమనిస్తారు. కాబోయే భర్తకు మూడు డోసుల టీకా వేయిస్తే ఆయనకు చాలావరకు రక్షణ ఉంటుంది. రేపు బిడ్డ పుట్టిన వెంటనే, ఆలస్యం లేకుండా, టీకాతోపాటు అప్పటికప్పుడు రక్షణనిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ సూది కూడా వేస్తే బిడ్డనూ చాలావరకు కాపాడుకోవచ్చు. ఈ సంగతి పెళ్లికి ముందే తెలియడం మేలు.

నెగటివ్ వస్తే మూడు డోసులు పూర్తి చేయండి: అక్టోబరు 6, నవంబరు 3, ఏప్రిల్ 6. సూది భుజం కండకే వేయించుకోండి. మన ఊళ్లలో సూది అనగానే తుంటికి వేయడం అలవాటు. అక్కడ కొవ్వు ఎక్కువ కాబట్టి ఈ మందు కండకు చేరక రక్షణ బలహీనంగా వస్తుంది. ఏప్రిల్లో కుదరక జూన్ అయితే మూడో డోసు జూన్‌లోనే వేయించుకోండి. మధ్యలో ఆలస్యమైందని మళ్లీ మొదటి డోసు నుంచి మొదలుపెట్టమంటే ఒప్పుకోకండి. నేను చెప్పిన ఈ టీకాల్లో డోసుల మధ్య గడువు పెరిగితే పోయిందేమీ ఉండదు, తగ్గితేనే నష్టం. మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలల్లో, అంటే మే, జూన్ మధ్యలో, యాంటీ హెచ్‌బీఎస్ మళ్లీ చేయించండి. మామూలు జనానికి ఇది అవసరం లేదు. రోజూ రక్తంతో పనిచేసే మీకు అవసరం. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే రక్షణ వచ్చినట్టు, ఆ రిపోర్టు జీవితాంతం దాచుకోండి. తర్వాత ఏళ్లలో ఆ అంకె తగ్గినా, ఒకసారి 10 దాటినవాళ్లకు రక్షణ ఉన్నట్టే లెక్క. 10 లోపు వస్తే ఇంకోసారి డోసులు వేసి మళ్లీ చూస్తారు. అప్పటికీ రాకపోతే, సూది గుచ్చుకున్నప్పుడు టీకా మీద ఆధారపడకుండా ఇమ్యునోగ్లోబులిన్ వేయవలసిన మనిషి మీరని తెలుస్తుంది. ఆ విషయం గుచ్చుకున్న రోజు తెలుసుకోవడం కన్నా ముందే తెలిసి ఉండాలి.

ఈ టీకా ఖర్చు మీరే పెట్టుకోవాలని ఆస్పత్రి వాళ్లంటే ఒక మాట అడగండి. ఆస్పత్రి వ్యర్థాల నిర్వహణ మీద కేంద్రం 2016లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ఆ వ్యర్థాలను ముట్టుకునే సిబ్బందికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించే బాధ్యత ఆస్పత్రి యాజమాన్యానిదే. వాడిన సూదులూ రక్తం గొట్టాలూ పారేసే ల్యాబు మనిషి కచ్చితంగా అందులోకి వస్తుంది. గొడవ పడనక్కర్లేదు, నిబంధన తెలుసని చెబితే చాలాచోట్ల వేయిస్తారు. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు మాత్రం మీరే కొనుక్కోవలసి రావచ్చు. ఎంఎంఆర్ వందల్లోనే అయిపోతుంది.

ధనుర్వాతం టీకా సంగతి. బడిలో టీటీ వేశారని, కొడవలి తెగినప్పుడల్లా ఆర్‌ఎంపీ దగ్గర టీటీ వేయించుకున్నానని మీరు అనొచ్చు. టీటీ ధనుర్వాతానికి మాత్రమే. దానిలో కంఠసర్పి టీకా లేదు. గొంతులో తెల్లటి పొర పట్టి ఊపిరి ఆడనివ్వని ఆ జబ్బు మన దేశంలో ఇంకా ఉంది, పెద్దవాళ్లకూ వస్తోంది. అందుకే ఇప్పుడు సర్కారు ఆస్పత్రుల్లో కూడా టీటీ బదులు రెండూ కలిసిన టీడీ వేస్తున్నారు. మీకు మూడు డోసులు కావాలి: మొదటి రెండింటికీ మధ్య నెల, రెండోదానికీ మూడోదానికీ మధ్య ఆరు నెలల నుంచి సంవత్సరం. మొదటి డోసు టీడాప్ అయితే కోరింత దగ్గు కూడా కలుస్తుంది, అది ప్రైవేటులో దొరుకుతుంది. మిగతా రెండూ టీడీ చాలు. చిన్నపిల్లల డీపీటీ గానీ పెంటావాలెంట్ గానీ మీకు ఎవరైనా వేయబోతే వద్దనండి. అందులో కంఠసర్పి మందు మోతాదు పెద్దవాళ్లకు ఎక్కువ. వచ్చే ఏడాది గర్భం వస్తే అప్పుడు వేసే టీడీ గానీ టీడాప్ గానీ ఈ లెక్కలోకే వస్తుంది, వేరే కాదు. అప్పుడు కార్డు చూపించి ఎన్ని అయ్యాయో చెప్పండి.

పోలియో గురించి అడుగుతారేమో. ఇక్కడే ఉండే పెద్దవాళ్లకు మామూలుగా అవసరం లేదు. న్యుమోనియా, రోటావైరస్ లాంటి పసిపిల్లల టీకాలు కూడా మీ వయసుకు వెనక్కి వెళ్లి వేయించుకోవలసినవి కావు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా గురించి మాత్రం మీ గైనిక్ డాక్టరును ఈ నెలలోనే అడగండి. పెళ్లికి ముందు వేసుకుంటే ఎక్కువ ఫలితం.

ఒకవేళ మీరు స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలంగా వాడుతున్నా, రోగనిరోధక శక్తి తగ్గించే జబ్బు ఏదైనా ఉన్నా, ఈ మధ్య రక్తం ఎక్కించుకున్నా ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు వేసేముందే డాక్టరుకు చెప్పాలి. అవేమీ లేకపోతే వేసిన తర్వాత వచ్చే చిన్న ఇబ్బందులు తెలిసి ఉంటే చాలు. ఎంఎంఆర్ తర్వాత జ్వరమూ కొద్దిపాటి దద్దుర్లూ ఆ రోజు రావు, వారం నుంచి పన్నెండు రోజులకు వస్తాయి. మీ వయసు ఆడవాళ్లలో వేళ్ల కీళ్లూ మోకాళ్లూ ఒకటి రెండు వారాలు నొప్పి పెట్టడం మామూలే, అది రుబెల్లా భాగం వల్ల. దానంతట అదే పోతుంది, పారాసిటమాల్ సరిపోతుంది. ఆటలమ్మ టీకా తర్వాత సూది పడ్డచోట నాలుగైదు పొక్కులు రావచ్చు. వస్తే అవి మాడేదాకా ఇంట్లో గర్భిణులకూ పసికందులకూ కొంచెం ఎడంగా ఉండండి.

టీకాలు ఎక్కడ కొంటారో అది కూడా చూసుకోవాలి. పల్లెలో మెడికల్ షాపులో కొని, కవర్లో ఐసు ముక్కలు వేసుకుని పక్క ఊళ్లో నర్సు దగ్గరికి వెళ్లడం చాలామంది చేస్తారు. ఎంఎంఆర్ వేడికి చెడిపోతుంది. హెపటైటిస్ బి, టీడీ దానికి వ్యతిరేకం. ఐసుకు తగిలి గడ్డకడితే అవి చెడతాయి, కరిగాక చూడ్డానికి బాగానే ఉండొచ్చు, లోపల పని మాత్రం చేయవు. నిల్వ ఉన్నచోటే వేయించుకోవడం మంచిది. మీరు ఎటూ ఒంగోలు వెళ్తున్నారు, ఫ్రిజ్‌లో ఉష్ణోగ్రత రాసే ఆస్పత్రిలోనే వేయించుకోండి. ఎంఎంఆర్ పొడిని మీ కళ్లముందే కలిపి వేయమనండి. పొద్దున కలిపి పెట్టింది సాయంత్రం వేయకూడదు.

మీకు చెప్పకుండా వదల్లేని సంగతి ఇంకొకటి. చాలా ఏళ్ల కిందట ఒక అమ్మాయి నా దగ్గరికి ఏడుస్తూ వచ్చింది. ఎంఎంఆర్ వేయించుకున్నాక అప్పటికే నెలతప్పిందని తెలిసింది. వేరే చోట చూపిస్తే గర్భం తీసేయాలన్నారు. భర్త, అత్తగారు కూడా అందుకు సిద్ధమై వచ్చారు. నేను చెప్పింది ఇదే: గర్భంలో వేయకూడదన్న నియమం ముందుజాగ్రత్త. పొరపాటున వేయించుకున్న తల్లుల్ని చాలా దేశాల్లో ఏళ్ల తరబడి గమనించారు, టీకాలోని రుబెల్లా వల్ల బిడ్డ అంగవైకల్యంతో పుట్టినట్టు ఎక్కడా తేలలేదు. ఆ కారణంతో గర్భం తీయించుకోకూడదు. ఆ బిడ్డ ఆరోగ్యంగా పుట్టింది. మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఈ తేదీలు వేశాను. ఏ కారణం చేతైనా వస్తే కంగారుపడి ఎవరి మాటా వినకండి, మంచి గైనిక్ డాక్టరును కలవండి.

చివరగా కొత్త కార్డు. మొదటి రోజే ఒకటి రాయించండి. ప్రతి డోసుకూ తేదీ, టీకా పేరు, బ్యాచ్ నంబరు, ఏ చేతికి, వేసినవారి సంతకం, ఆస్పత్రి ముద్ర. ప్రతిసారీ ఇంటికి వచ్చాక ఫోనులో ఫొటో తీసి అమ్మకూ మీ మెయిలుకూ పంపుకోండి. ఉద్యోగంలో చేరే రోజుకు అన్నీ పూర్తి కావు. ఏవి వేశారో, మిగతావి ఏ తేదీల్లోనో రాసిన ఆ కార్డే వాళ్లకు చూపించండి. ఏప్రిల్ 6 నాటికి మీరు కొత్త కాపురంలో, కొత్త ఊళ్లో ఉండొచ్చు. ఆ కార్డు పెళ్లి సామానుతోపాటు వెళ్లాలి, మూడో హెపటైటిస్ బి డోసు ఆ ఊళ్లో వేసే నర్సుకు అదే కావాలి.